ఫిబ్(6)కు ఎన్ని పిలుపులు

ఆ ఏడాది జవాబు పత్రాలు దిద్దే క్యాంపుకు ఆమె వెళ్లకపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. అక్క పోయి అప్పటికి తొమ్మిది వారాలు. ప్రిన్సిపాల్ పిలిచి మరీ చెప్పాడు, కావాలంటే మెడికల్ లీవు పెట్టుకోమ్మా, నేను సంతకం పెడతాను అని. ఆమె తలూపింది. లీవు మాత్రం పెట్టలేదు. పనిలో పడితే మనసు తేలికపడుతుందన్న ఆశతో కాదు. ఆర్డరు వచ్చింది, ఫలానా తేదీన రమ్మన్నారు, వెళ్లింది. ఆ తొమ్మిది వారాల్లో ఆమె చేసిన పనులన్నీ అలాంటివే. కంచం ముందు పెడితే తినేది. బస్సు వచ్చి ఆగితే ఎక్కేది. ఎవరైనా వచ్చి చేతులు పట్టుకుని ఏడిస్తే, వాళ్ల ఏడుపు అయ్యేదాకా చేతులు అలాగే ఉంచేది. తనకు మాత్రం కన్ను తడవలేదు. రాయిలా కూర్చుందని బంధువులు చెవులు కొరుక్కున్నారు. ఆ మాటా విన్నది. అది కూడా ఎక్కడా తగల్లేదు.

ఆమె డిప్లొమా కాలేజీలో ప్రోగ్రామింగ్ చెప్పే లెక్చరరు. పద్దెనిమిదేళ్ల సర్వీసు. క్యాంపు ఆడిటోరియంలో పెట్టారు. పొడుగాటి బల్లలు, ప్లాస్టిక్ కుర్చీలు, బల్లకు ఇద్దరు చొప్పున ఇరవై ఆరు మంది దిద్దేవాళ్లు. ఉదయం ముప్పై పత్రాలు, మధ్యాహ్నం ముప్పై. అట్ట మీద విద్యార్థి పేరుండదు, కోడ్ నంబరు మాత్రమే. పక్కన రెండు పేజీల కీ ఉంటుంది. ఏ ప్రశ్నకు ఏ జవాబు సరైనది, దేనికి ఎన్ని మార్కులు అన్నీ అందులో ఉంటాయి. కీలో ఉన్నదే వేదం. దాన్ని దాటి ఆలోచించే తీరిక ఎవరికీ లేదు.

ఆ కీ రాసింది ఆమే. ఆ సంగతి ఆ హాల్లో ఎవరికీ తెలియదు. పేపరు ఎవరు సెట్ చేశారన్నది పరీక్షల బోర్డు బీరువా దాటి బయటికి రాని రహస్యం. క్యాంపు నడిపే చీఫ్‌కు కూడా తెలియదు.

చీఫ్ రిటైర్మెంటుకు ఏడాది దూరంలో ఉన్న పెద్దమనిషి. నిమిషానికోసారి చేతి గడియారం చూసుకుంటాడు కాబట్టి వెనక అందరూ ఆయన్ని గడియారం సారు అంటారు. పక్క కుర్చీలో వేరే కాలేజీ నుంచి వచ్చిన ఒక కొత్త లెక్చరరు కూర్చునేది. మూడేళ్ల సర్వీసు, చేతినిండా పని, నోటినిండా మాటలు. అందరూ చిన్న మేడమ్ అని పిలిచేవారు. పత్రాలు దిద్దుతూనే ఆ అమ్మాయి కబుర్లు చెప్పేది. వాటికి జవాబు రాకపోయినా నొచ్చుకునేది కాదు. అందుకే ఆమెకు ఆ పక్క సీటు సుఖంగా ఉండేది.

రెండో రోజు మధ్యాహ్నం చిన్న మేడమ్ విసుక్కుంది.

"ఈ ఏడు పిల్లలకి పద్నాలుగో ప్రశ్న ఏమొచ్చిందో ఏమో. బాగా రాసేవాళ్లు కూడా అక్కడికొచ్చేసరికి బోల్తా పడుతున్నారు మేడమ్. అన్నీ తప్పే రాసేవాడు మాత్రం అది కరెక్టుగా రాస్తున్నాడు."

ఆమె ఊఁ అంది. ఆ మాట అప్పుడు చెవి దగ్గరే ఆగిపోయింది.

పద్నాలుగో ప్రశ్న ఫిబొనాచీ సంఖ్యలది. ప్రోగ్రామింగ్ నేర్చుకున్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు దాటి వచ్చిన గుమ్మమే అది. ఈ వరుసలో ప్రతి సంఖ్య తన ముందున్న రెండింటి మొత్తం: ఒకటి, ఒకటి, రెండు, మూడు, ఐదు, ఎనిమిది, ఇలా. దీన్ని కనిపెట్టే ఫంక్షన్ రెండు మూడు లైన్లే ఉంటుంది. ఆరోది కావాలంటే అది తనను తానే రెండుసార్లు పిలుచుకుంటుంది, ఐదోది ఎంత, నాలుగోది ఎంత అని. ఐదోది మళ్లీ నాలుగునూ మూడునూ అడుగుతుంది. ఇలా కిందికి దిగుతూ, ఇక అడగనక్కరలేని చిన్న సంఖ్య దగ్గర ఆగుతుంది. ఆ పిలుపులన్నీ కాగితం మీద గీస్తే తలకిందుల చెట్టులా వస్తుంది. ఆరోదాని కోసం ఫిబ్(6) అని పిలిస్తే మొత్తం ఎన్ని పిలుపులు జరుగుతాయో చెట్టు గీసి చెప్పమనీ, ఏది ఎన్నిసార్లు పిలవబడిందో రాయమనీ మొదటి భాగం. ఒకసారి తేలిన జవాబును దాచిపెట్టుకునే ఏర్పాటు, అంటే క్యాష్, ఉంటే పిలుపులు ఎన్నికి తగ్గుతాయి, ఎందుకు అన్నది రెండో భాగం. మొత్తం పన్నెండు మార్కులు.

కీలో ఉన్న జవాబులు: క్యాష్ లేకపోతే 25, ఉంటే 11.

మూడో రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఆమె చేతికి ఇరవై ఏడో పత్రం వచ్చింది. దస్తూరి గొప్పగా లేదు. అక్కడక్కడా కొట్టివేతలు. పద్నాలుగో ప్రశ్నకు మాత్రం పేజీ అడ్డంగా తిప్పి, స్కేలు పెట్టి చెట్టు గీశారు. చెట్టు పక్కనే చిన్న పట్టిక. కింద గీత కొట్టి మొత్తం పిలుపులు 15 అని రాసి ఉంది. రెండో భాగానికి 9. ఆమె కీ వంక కూడా చూడకుండానే రెండింటికీ ఎర్ర పెన్నుతో అడ్డగీతలు కొట్టింది. క్యాష్ ఎందుకు మేలు చేస్తుందో మాటల్లో సరిగ్గా రాశారు గనుక మూడు మార్కులు వేసింది. అట్ట మీద మొత్తం కూడితే ముప్పై మూడు. పాసుకు ముప్పై ఐదు కావాలి.

పేజీ తిప్పబోతూ, మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసిన రెండు లైన్లు చూసింది. "25 వస్తుందని క్లాసులో చెప్పారు. కానీ ఈ ఫంక్షన్ 2 దగ్గరే ఆగిపోతోంది. అందుకని మళ్లీ లెక్కపెట్టాను."

ఆమె పెన్ను కింద పెట్టింది. ప్రశ్నపత్రం తీసి పద్నాలుగో ప్రశ్న చదివింది. ఫంక్షన్ మొదటి లైను: n రెండు గాని అంతకన్నా తక్కువ గాని అయితే 1 ఇచ్చెయ్యి.

ఆ లైను తనే మార్చింది. పాఠ్యపుస్తకంలో ఉన్న ఫంక్షన్ సున్నా, ఒకటి దాకా దిగుతుంది. దానికి 25 అన్నది ఎన్నో ఏళ్లుగా గైడుల్లో అచ్చవుతూ వస్తున్న జవాబు, పిల్లలు బట్టీపట్టి అప్పజెప్పేస్తారు. బట్టీగాళ్లను పట్టుకుందామని, ఈసారి రెండు దగ్గరే ఆగేలా రాసింది. ఆగే చోటు మారితే చెట్టు చిన్నదవుతుంది, లెక్క మారుతుంది. తీరా కీ రాసేటప్పుడు పాత లెక్క రాసేసింది.

ఎప్పుడు రాసిందో గుర్తుంది. ఆసుపత్రి వరండాలో, ఇనుప కుర్చీలో, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని. లోపల అక్క నిద్రపోతోంది. పేపరు పంపడానికి అదే ఆఖరి రోజు. అంతకు ముందు గంట అక్క మెలకువగానే ఉంది. ఏం రాస్తున్నావే అని అడిగితే, ఊరికే కూర్చోవడం ఎందుకని ఆమె చెట్టు సంగతి చెప్పింది. అదే లెక్క మళ్లీ మళ్లీ ఎలా చేయాల్సి వస్తుందో, రాసిపెట్టుకుంటే ఎలా తప్పుతుందో వివరించింది. అక్క బట్టలు కుట్టే మనిషి. ముప్పై ఏళ్లుగా సొంత కొట్టు. అంతా విని, దీనికింత చదువు కావాలా అన్నట్టు మొహం పెట్టింది.

"కొలతల పుస్తకం పెట్టుకోమంటున్నావు, అంతేగా. పెద్దవాళ్లకైతే చెల్లుతుంది. ఎదిగే పిల్లలకి మాత్రం పుస్తకం చూసి కత్తెర పెట్టకూడదే. వచ్చిన ప్రతిసారీ టేపు తియ్యాల్సిందే."

అక్క నవ్వబోయి దగ్గింది. నర్సు వచ్చి ఆమెను బయటికి పంపింది. బయట కూర్చుని కీ పూర్తి చేసింది. నాలుగో రోజున అక్క పోయింది. పంపిన కాగితాన్ని ఆమె మళ్లీ తిరిగి చూడలేదు.

ఇప్పుడు రఫ్ కాగితం తీసుకుని చెట్టు గీసింది. పైన 6. దాని కింద 5, 4. ఎడమవైపు 5 కింద 4, 3. ఆ 4 కింద 3, 2. ఆ 3 కింద 2, 1. ఇలా గీసుకుంటూ పోయింది. పద్దెనిమిదేళ్లుగా బోర్డు మీద గీసిన చెట్టే. చెయ్యి దానంతటదే నడిచింది. పిలుపులు లెక్కపెట్టింది. పదిహేను. ఇంకోసారి లెక్కపెట్టింది. పదిహేనే. గుండె గుభేలుమనాల్సిన చోటు అది. ఏమీ కాలేదు. ఎవరి పొరపాటునో ఎవరి తరఫునో చూస్తున్నట్టుంది. పక్కన చిన్న మేడమ్ ఏదో పెళ్లి కబురు చెబుతోంది.

అప్పటికి హాల్లో దిద్దినవి దాదాపు నాలుగు వేలు. చెట్టు గీసి లెక్కపెట్టిన ప్రతివాడికీ అడ్డగీత పడింది. గైడు చూసి 25 వల్లించినవాడికి పన్నెండుకు పన్నెండు పడ్డాయి. బట్టీగాళ్ల కోసం తవ్విన గోతిలో తక్కిన వాళ్లందరూ పడ్డారు.

నోరు మూసుకుంటే ఏమీ కాదని ఆమెకు తెలుసు. ఫలితాలు వచ్చేస్తాయి. ఏ పిల్లవాడో రీవాల్యుయేషన్‌కు పెట్టుకుంటే అదే కీతో మళ్లీ దిద్దుతారు, అవే మార్కులు వస్తాయి. పేపరు సెట్ చేసింది ఎవరన్నది ఎప్పటికీ బయటపడదు. ఇవన్నీ వరసగా తట్టాయి. తట్టినట్టే వెళ్లిపోయాయి. ఆమె లేచి రఫ్ కాగితం, ప్రశ్నపత్రం, ఇరవై ఏడో జవాబు పత్రం పట్టుకుని చీఫ్ గదికి వెళ్లింది.

గడియారం సారు భోజనం డబ్బా విప్పుతున్నాడు. కూర్చోమన్నాడు. ఆమె నిలబడే చెప్పింది, కీ తప్పని. ఆయన కాగితం చూసి, గడియారం చూసి, డబ్బా మూత పెట్టేశాడు.

ముందు నమ్మలేదు. ఫిబ్(6)కు ఇరవై ఐదన్నది తను చదువుకునే రోజుల నుంచీ ఉన్నదే కదా అన్నాడు. ఆ ఇరవై ఐదు వేరే ఫంక్షన్‌ది సార్ అని ఆమె మొదటి లైను చూపించింది. ఆయన వేలితో చెట్టు మీద నడిచాడు. ఒకచోట ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ నడిచాడు. ఆ తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు.

ఫలితాలకు ఇంకా వారమే గడువుంది. ఆయనకు తోచిన దారి ఒకటే. అచ్చు తప్పని రాసేసి, ఆ ప్రశ్నకు చెయ్యి పెట్టిన ప్రతివాడికీ పన్నెండు మార్కులు కలిపేస్తే పీడా వదిలిపోతుంది. ఇదివరకు ఇలాంటివి రెండుసార్లు అలాగే సర్దారట.

"అచ్చు తప్పు కాదు సార్. కీ రాసింది నేనే."

ఆయన తలెత్తి చూశాడు. అది చెప్పకూడని మాట. ఆ రహస్యం ఆమె సొంతం కాదు, బోర్డుది.

"ఇప్పుడది నాకు చెప్పక్కర్లేదమ్మా. నేనడగలేదు కూడా."

"లెక్క వెయ్యలేదు సార్. గుర్తున్నది రాసేశాను. ఫంక్షన్ మార్చింది కూడా నేనే."

తర్వాత, అడగకపోయినా, ఇంకో మాట చెప్పింది. అందరికీ పన్నెండు కలిపితే చెట్టు గీసినవాడూ, ఊరికే 25 అని గీకినవాడూ ఒకటే అవుతారు, ఆపైన మీ ఇష్టం అంది. గొంతులో బతిమాలడం లేదు, పశ్చాత్తాపం లేదు. అటెండెన్సు చదివినట్టు చెప్పింది. ఆయనకు అదే ఎక్కువ కంగారు పుట్టించింది కాబోలు, ముందు కూర్చోమని మంచినీళ్లు తెప్పించాడు. ఆమె తాగింది.

ఆయన బోర్డు ఆఫీసుకు ఫోన్ చేశాడు. అవతలివాళ్లు ఇంకెవరికో చేశారు. గంటకు జవాబు వచ్చింది. పద్నాలుగో ప్రశ్న ఒక్కటే అన్ని పత్రాల్లోనూ మళ్లీ దిద్దాలి. గడువు రెండు రోజులు పొడిగిస్తారు. దిద్దేవాళ్లందరికీ సరైన జవాబు ఏమిటో తెల్లబోర్డు మీద చేసి చూపించి, అభ్యంతరాలు ఉంటే అక్కడే తేల్చుకోవాలి. కీ రాసినవాళ్లు విడిగా రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి.

మూడు గంటలకు హాలు వేదిక మీదికి తెల్లబోర్డు ఒకటి దొర్లించుకొచ్చారు. చూపించేది ఎవరని చీఫ్ అడగలేదు. మార్కరు ఆమె చేతికిచ్చి తను పక్కకు జరిగాడు.

ఇరవై ఐదు మంది చూస్తుండగా ఆమె మొదలుపెట్టింది. పైన 6 రాసింది. 6 తన జవాబు కోసం 5నూ 4నూ పిలుస్తుంది. 5 మళ్లీ 4నూ 3నూ పిలుస్తుంది. కొమ్మలు దిగుతూ వచ్చి 2, 1 దగ్గర ఆగిపోయింది. అవి అడిగీ అడగ్గానే 1 ఇచ్చేస్తాయి, కింద ఇంకేమీ ఉండదు. ఎడమవైపు 4 కిందా, కుడివైపు 4 కిందా పక్కపక్కన అచ్చుగుద్దినట్టు ఒకే బొమ్మ వచ్చింది. వెనక వరసలో ఒకాయన లేచాడు. ప్రతి మీటింగులోనూ ఏదో ఒక సవరణ ప్రతిపాదించకుండా కూర్చోడు గనుక ఆయనకు సవరణ సారు అని పేరు.

"మేడమ్, 2ని విడగొట్టకుండా వదిలేశారు. దాని కింద 1, 0 రావాలి కదా."

"ఈ ఫంక్షన్ 2కి నేరుగా జవాబిస్తుంది సార్. 0ని ఒక్కసారి కూడా అడగదు. మన కీలో మాత్రం 0 ఐదుసార్లు అని ఉంది. అక్కడే దొరికిపోవాల్సింది."

హాల్లో కాగితాల చప్పుడు. అందరూ కీ తిరగేశారు. పట్టిక చివరి లైనులో, మూడు రోజులుగా అందరి కళ్ల ముందే, సున్నా ఐదుసార్లు అని నిక్షేపంలా ఉంది. ఎవరూ ఎవరి వంకా చూడలేదు.

ఆమె పక్కన పట్టిక వేసింది. 6 ఒకసారి, 5 ఒకసారి, 4 రెండుసార్లు, 3 మూడుసార్లు, 2 ఐదుసార్లు, 1 మూడుసార్లు. మొత్తం పదిహేను. మూడోది ఎంతో ఒకసారి తేలాక కూడా ఫంక్షన్‌కు ఆ సంగతి గుర్తుండదు, అందుకే మొదటి నుంచీ ఇంకో రెండుసార్లు తేల్చుకుంటుంది, వృథా అంతా ఇక్కడే అని చెప్పింది. ఆరు దాకా అయితే ఈ వృథా కంటికి ఆనదు. నలభైకి వెళితే పిలుపులు ఇరవై కోట్లు దాటిపోతాయి.

తర్వాత రంగు మార్చి క్యాష్ ఉన్న చెట్టు గీసింది. 6, 5ను పిలిచింది. 5, 4ను. 4, 3ను. 3, 2నూ 1నూ పిలిచి రెండు ఒకట్లు తెచ్చుకుంది. మూడోది 2 అని పక్కన రాసి పెట్టుకున్నారు. అక్కడి నుంచి పైకి రావడమే. 4కు ఇంకా 2 కావాలి, పిలిచింది, 1 వచ్చింది. నాలుగోది 3, రాసుకున్నారు. 5కు ఇంకా 3 కావాలి, పిలిచింది, రాసి పెట్టింది ఉంది కాబట్టి కిందికి దిగకుండానే 2 అని జవాబొచ్చింది. ఐదోది 5. ఆఖరుకు 6కు 4 కావాలి, అదీ రాసే ఉంది. ఆరోది 8. కుడివైపు కొమ్మలన్నీ రాలిపోయి, ఒకే నిట్రాడలాంటి గీత, దానికి అక్కడక్కడా చిన్న మొలకలు మిగిలాయి. పిలుపులు తొమ్మిది.

సవరణ సారు మళ్లీ లేచాడు. రాసి ఉన్నదాన్ని చదువుకోవడం కూడా పిలుపు కిందికి వస్తుందా అన్నది ఆయన సందేహం. న్యాయమైన సందేహమే. పిలవడమైతే జరిగింది, గుమ్మంలోనే జవాబు చేతిలో పెట్టి పంపేశారు అంతే, ప్రశ్న పిలుపులు ఎన్ని అనే అడిగింది కాబట్టి లెక్కలోకి వస్తుందని ఆమె చెప్పింది. అలా కలపకుండా ఏడు అని రాసి, కారణం కూడా రాసినవాళ్లకు మార్కులు కొయ్యొద్దని సవరణ సారు ప్రతిపాదించాడు. 5 అడిగిన 3, 6 అడిగిన 4, ఆ రెండే కదా రాసిపెట్టిన జవాబులు అని వేళ్లు చూపించాడు. ఆమె బోర్డు వంక చూసి, నిజమే అంది. చీఫ్ ఒప్పుకున్నాడు. జీవితంలో మొదటిసారి తన సవరణ నెగ్గినందుకు ఆ సారు మొహం చూడాలి.

కీ రాసిందెవడో తెలిస్తే బాగుండునని ముందు వరసలో ఒకరు నసిగారు. నాలుగు వేల పత్రాలు తిరగదోడడమంటే మాటలా. వాళ్ల విసుగులో తప్పేముంది. ఆమె మార్కరుకు మూత పెట్టింది. చెప్పొద్దన్నట్టు చీఫ్ చూశాడు. ఆమె చెప్పలేదు, దిగి వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

సాయంత్రం కట్టలు కట్టేటప్పుడు చిన్న మేడమ్ మెల్లగా అడిగింది.

"మీరేనా మేడమ్?"

"ఊఁ."

మర్నాడు తన వాటా అయిపోగానే ఆ అమ్మాయి ఆమె కట్టలోంచి సగం తీసి తన ముందు పెట్టుకుంది.

పొడిగించిన రెండో రోజు సాయంత్రానికి పని ముగిసింది. ఇరవై ఏడో పత్రం మళ్లీ ఆమె చేతికి రాలేదు. మళ్లీ దిద్దేటప్పుడు కట్టలు మార్చి పంచారు, అది ఎవరి బల్ల మీదికి వెళ్లిందో తెలియదు. ఆ చెట్టుకు రావాల్సిన మార్కులు వచ్చే ఉంటాయి. ఆ విద్యార్థి పాసై ఉంటాడు, లేదా ఉంటుంది. తమ జవాబును ఒక ఎర్ర పెన్ను ఒక పూటపాటు కొట్టేసిందని ఆ మనిషికి ఎన్నటికీ తెలియదు.

సంజాయిషీ ఆమె నాలుగు లైన్లలో రాసి ఇచ్చింది. ఆసుపత్రి సంగతి అందులో రాయలేదు. రాయమని చీఫ్ గట్టిగానే చెప్పాడు. రాసినా తప్పు తప్పే కదా సార్ అంది. పది రోజులకు ఉత్తరం వచ్చింది, మూడేళ్ల పాటు ప్రశ్నపత్రాలు తయారుచేసే పని ఆమెకు ఇవ్వరాదని. ఉత్తరం మడిచి సొరుగులో పెట్టి, ఉతికిన బట్టలు ఆరేయడానికి వెళ్లింది.

ఆదివారం బావగారు ఫోన్ చేశాడు. అక్క కొట్టు అద్దెగది ఖాళీ చేయాలి, నా ఒక్కడివల్లా కావడంలేదు, వస్తావా అని అడిగాడు. అప్పటివరకు ఆమె ఆ కొట్టుకు వెళ్లలేదు. పిలవలేదు కాబట్టి వెళ్లలేదు. పిలిచాడు కాబట్టి వెళ్లింది.

బావగారు లారీల ఇంజన్లు బాగుచేసే మెకానిక్. తక్కువ మాటల మనిషి. గదిలో కుట్టు మిషన్, కత్తిరించే బల్ల, గోడకు వేలాడుతున్న సగం కుట్టిన బట్టలు. ఎవరివి ఏవో చీటీలు చూసి ఇద్దరూ వేరుచేశారు. పూర్తయినవి ఒక సంచిలో, కానివి ఒక సంచిలో. మధ్యలో ఒక ముసలామె కళ్లద్దాలు సర్దుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. తన కోటుకు గుండీలు కుట్టడం అయిందా అని అడిగింది. టైలరమ్మ ఏదీ అంది.

బావగారు బల్ల వైపు తిరిగి నిలబడ్డాడు. ఇక చెప్పాల్సింది ఆమే.

"లేదండీ. చనిపోయింది. రెండున్నర నెలలైంది."

ఇప్పటివరకు ఆ మాట ఆమె నోటితో అనాల్సిన అవసరం రాలేదు. అందరూ తెలిసే వచ్చారు. ముసలామె కోటు తీసుకుని, గుండీలు లేకపోయినా పర్వాలేదమ్మా అని వెళ్లిపోయింది.

సర్దడం సగంలో ఉండగా ఏదో ఒకటి మాట్లాడాలని కాబోలు, కాలేజీలో అంతా బానే ఉందా అని బావగారు అడిగాడు. ఆమె పేపరు సంగతి చెప్పింది. మొదటి నుంచి చివరిదాకా, తను చేసిన తప్పు, ఉత్తరం, అన్నీ. చెట్టు గొడవ ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. ఆఖర్న ఒక్కటే అడిగాడు.

"ఎవరికీ తెలీదన్నావుగా. మరి ఎందుకు చెప్పావు?"

ఆమె నిజంగానే ఆలోచించింది.

"గొప్ప కోసం కాదు బావా. దాచిపెట్టుకోవడానికి కూడా నాలో ఓపిక లేదు."

ఆయన తలూపాడు. నాకూ అంతే అన్నాడు. తేలికగా ఉన్న సంచి ఆమె దగ్గర వదిలి, బరువైనది తను భుజానికెత్తుకుని ట్రాలీ ఆటో మాట్లాడటానికి వెళ్లాడు.

ఆమె కత్తిరించే బల్ల మీద ఒక్క నిమిషం తల వాల్చింది. బల్ల చెక్క చల్లగా ఉంది. మిషన్ నూనె వాసన, కొత్త గుడ్డ వాసన. పదకొండు వారాలు గడిచి పన్నెండో వారం నడుస్తోంది. ఈ రోజులన్నింట్లోనూ రాత్రికి మూడు గంటలకు మించి నిద్ర పట్టలేదు. బావగారు ఆటో తెచ్చేసరికి ఆమె చెంప కింద చెయ్యి పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని ఒళ్లెరగకుండా నిద్రపోతోంది. ఆయన ఆటో అతనికి చెయ్యి అడ్డంపెట్టి, హారన్ కొట్టొద్దని సైగ చేశాడు. ఎంతసేపని అతను అడిగాడు. తెలియదు, వెయిటింగ్ ఇస్తానులే అన్నాడు బావగారు. ఇద్దరూ గుమ్మం బయట మెట్టు మీద కూర్చున్నారు. ఎండ గోడ మీంచి జరుగుతూ ఉంది.